కట్టిన డబ్బుకి స్క్రీన్‌షాట్ లేకపోతే

ప్రశ్న: పోయిన నెల అద్దె ఓనర్‌కి ఆన్‌లైన్‌లో పంపాను. ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ అయిపోయింది, ఆయనేమో రాలేదంటున్నారు. అంతకుముందు నెలది నా దగ్గర ఉంది. దాంట్లో తేదీ మార్చి చూపిస్తే సరిపోతుందా? ఎలా మార్చాలో చెప్పగలరా? చాట్‌లో ‘పంపాను’ అని నేను పెట్టిన మెసేజ్ కూడా ఉంది.

జవాబు: తేదీ ఎలా మార్చాలో మాత్రం నేను చెప్పనండి. మీరు అబద్ధం ఆడుతున్నారని కాదు. నిజంగా డబ్బు కట్టిన మనిషే ఇలా చేసి ఇరుక్కుపోవడం దగ్గరుండి చూశాను.

మూడేళ్ళు మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు నేనే చూశాను. ఒక నెల ఒకాయన మెయింటెనెన్స్ జమ కనిపించలేదు. అడిగితే అరగంటలో స్క్రీన్‌షాట్ పంపారు. 5వ తేదీ, మొత్తం సరిగ్గానే ఉంది, పచ్చ టిక్కు కూడా ఉంది. బొమ్మ ఎలా ఉందన్నది నాకు అనవసరం. కింద ఉన్న రిఫరెన్స్ నంబర్‌ని మా ఖాతా స్టేట్‌మెంట్‌లో వెతకడం నా అలవాటు. దొరికింది, కానీ అంతకుముందు నెల జమ పక్కన! రెండు వేర్వేరు పేమెంట్లకు ఒకే నంబరు రాదు కదా. అప్పుడు పెద్దది చేసి చూశాను. ‘5’ పక్క అక్షరాల కంటే కాస్త లావుగా ఉంది, దాని చుట్టూ తెలుపు మసకబారింది. పక్కనే మంగళవారం అని ఉంది, ఆ నెల 5 శుక్రవారం.

నాకు ఇప్పటికీ బాధనిపించేది ఏమిటంటే, ఆయన డబ్బు నిజంగానే కట్టారు. ఆ రోజు ఆయన యాప్ పనిచేయక బావమరిది చేత పంపించారు. అది మా ఖాతాలోనే ఉంది, ఎవరిదో తెలియక నేను విడిగా రాసిపెట్టిన జమల్లో. ‘బావమరిది పేరుతో వచ్చి ఉంటుంది, చూడండి’ అని ఒక్క మాట అంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. మార్చిన బొమ్మ వల్ల కమిటీ ఆయన పాత చెల్లింపులన్నీ తిరగతోడమంది. తొమ్మిది నెలలవి ఒక్కొక్కటీ సరిచూశాను. అన్నీ కట్టినవే. అయినా ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా జనం అనుమానంగానే చూశారు. మీ ఓనర్ కూడా తన స్టేట్‌మెంట్‌తో పోల్చి చూస్తే ఇదే జరుగుతుంది. అద్దె గొడవ పక్కకు పోయి, మీరు దొంగ కాగితం పుట్టించారన్నదే అసలు గొడవ అవుతుంది. కోర్టు దాకా వెళ్తే అది విడిగా నేరం కూడా కావచ్చు.

స్క్రీన్‌షాట్ పోయినా పేమెంట్ రికార్డు ఎక్కడికీ పోదు. యాప్ హిస్టరీలో ఆ ఎంట్రీ తెరిచి తేదీ, మొత్తం, రిఫరెన్స్ నంబర్, డబ్బు అందుకున్న ఖాతా చివరి అంకెలు చూడండి. అది ఓనర్ ఖాతాయేనా అన్నది ముందు తేల్చుకోండి. తర్వాత బ్యాంకు నుంచి ఆ నెల స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకుని, ఆ తేదీ తర్వాత పది రోజులు కూడా చదవండి. పేమెంట్ ఫెయిలైతే కట్ అయిన డబ్బు కొన్నిసార్లు కొద్ది రోజులకు వెనక్కి జమవుతుంది, మనం గమనించం. అలా అయితే ఓనర్ మాటే నిజం, మళ్ళీ పంపాల్సిందే. వెనక్కి రాకపోతే ఆ పీడీఎఫ్‌ని ఎడిట్ చేయకుండా, ప్రింట్ తీసి ఫొటో కొట్టకుండా, ఫైల్‌గానే పంపండి. మిగతా ఖర్చులు ఆయనకు చూపించడం ఇష్టం లేకపోతే ఆ కొద్ది రోజులకే స్టేట్‌మెంట్ తీసుకోండి. ఇంకా రాలేదంటే ఆ నంబర్ ఇచ్చి డబ్బు ఎక్కడ ఆగిందో చూడమని మీ బ్యాంకుకి ఫిర్యాదు పెట్టండి.

ఇక చాట్ విషయం. ‘పంపాను’ అన్న మీ మెసేజ్ మీరు ఆ మాట అన్నారని మాత్రమే చెబుతుంది. ఆయన ‘అందింది’ అని రాసి ఉంటే అప్పుడు దానికి విలువ. అది ఉంటే ఆ ఒక్క ముక్క కత్తిరించి పెట్టకండి. ముందూ వెనకా నాలుగు మెసేజ్‌లు, తేదీలు, పైన పేరుకి బదులు ఫోన్ నంబరు కనిపించాలి. ఏ నంబర్‌నైనా ఆయన పేరుతో సేవ్ చేసుకోవచ్చు కాబట్టి పేరు ఒక్కటీ చాలదు. చాట్‌ని Export చేస్తే వచ్చే టెక్స్ట్ ఫైల్‌ని కూడా ఎవరైనా మార్చగలరు. అందుకే అసలు చాట్‌ని ఫోన్లో చెరపకుండా ఉంచండి, తానంతట తాను మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. అదే చాట్ ఆయన ఫోన్లో కూడా ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడమనొచ్చు.

ఈరోజే ఓనర్‌కి ఇలా రాయండి: ‘స్క్రీన్‌షాట్ నా దగ్గర లేదండి. ఫలానా తేదీన, ఈ రిఫరెన్స్ నంబర్‌తో పంపాను, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. మీ స్టేట్‌మెంట్‌లో ఆ నంబరు ఒకసారి వెతికి చెప్పండి.’