విదురుడి తల్లికి మాటలు రాసేముందు

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న దీవెనలు.

నీ కథ రెండుసార్లు చదివాను. విదురుణ్ని కన్న దాసి నోట భారతం చెప్పించాలన్న ఆలోచన నచ్చింది. కానీ నాలుగో పేజీలో ఆమె సత్యవతిని నిలదీసి కులం మీద ఉపన్యాసం దంచేస్తోంది. అక్కడ నాకు దాసి కనబడలేదు, విజయనగరంలో డిగ్రీ చదువుతున్న నువ్వు కనబడ్డావు.

ముందు ఆదిపర్వంలో ఆమె ఉన్న చోటు తీసి చూడు. నాలుగు ముక్కలే. వ్యాసుణ్ని చూసి అంబిక కళ్లు మూసుకుంది, కొడుకు గుడ్డివాడయ్యాడు. అంబాలిక పాలిపోయింది, కొడుకు పాండువర్ణంతో పుట్టాడు. మళ్లీ వెళ్లమని అత్త అడిగితే అంబికకి ఆ రూపం, ఆ వాసన గుర్తొచ్చి, తన నగలు పెట్టి దాసిని పంపింది. దాసి భక్తిగా సేవించింది. ఋషి సంతోషించి ఇకమీదట నువ్వు దాసివి కావన్నాడు. అంతే, పేరైనా లేదు.

ఇందులో ఏదీ మార్చకు. భక్తిగా అన్నది కొట్టేసి, ఏడుస్తూ వెళ్లిందని రాయాలని నీకు చెయ్యి దురద పెడుతుంది. అది ఉంచే ప్రశ్న వెయ్యి. రాణుల భయం బిడ్డల ఒంటి మీద పడింది కదా, ఆమె కూడా కళ్లు మూసుకునుంటే దాసీతనం పోయేదా? కాదనే వీల్లేని మనిషి ఇష్టాన్ని ఋషి ఎలా కొలిచాడు?

నేనూ ఒకప్పుడు మంథర కథ రాశాను. జాలిపడి ఆమెను ఉత్త మంచిదాన్ని చేసేశాను. చదివి వినిపిస్తే ఒక ముసలమ్మ, "మరి రాములోరు అడవికెందుకెల్లినట్టు బాబూ?" అంది. ఆ కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

అసలు దెబ్బ మాండవ్యుడి కథలో ఉంది, నువ్వు దాన్ని ముట్టుకోలేదు. చిన్నప్పుడు పురుగుల్ని గుచ్చినందుకు తనను కొరత వేయించాడని ఆయన యముడికి శాపం పెట్టాడు, శూద్రస్త్రీ కడుపున పుట్టమని. ఆ శాపంతోనే విదురుడు పుట్టాడు. అంటే దేవుడికి పడిన శిక్ష ఆమె కడుపే! ఆమె కొడుకుని ధర్మమూర్తి అని పొగిడే కథే ఈ మాటా చెబుతుంది. దీన్ని మించిన ఉపన్యాసం నువ్వు రాయలేవు.

కానీ ఆ రాత్రి ఆమెకి ఈ సంగతి తెలీదు. వైశంపాయనుడు జనమేజయుడికి చెబుతున్నాడు కాబట్టి మనకి తెలిసింది. ఎన్నో ఏళ్లకి, ఎవరో పౌరాణికుడు చెబుతుంటే ఆమె స్తంభం చాటునుంచి విననీ. పక్కనున్నవాళ్లు విదురుణ్ని మెచ్చుకుంటుంటారు. ఆమె చేత ఏమీ అనిపించకు.

మొదలు మాత్రం నగల దగ్గర పెట్టు. రాణి వడ్డాణం ఆమె నడుముకి వదులవుతుంది, ఇంకో దాసి దారంతో బిగిస్తుంది. తెల్లారి ఆ నగలు ఒక్కొక్కటీ లెక్క చూసి పుచ్చుకున్నదెవరో కూడా రాయి. అంతవరకు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

మీ పెదనాన్న