గార్డెన్ లీవ్‌లో ఉంటే సర్వీసు ఆగుతుందా?

ప్రశ్న: 2026 జనవరి 19న రాజీనామా ఇచ్చాను. నోటీసు 60 రోజులు. మర్నాడే ల్యాప్‌టాప్ తీసేసుకుని, ఇంట్లోనే ఉండండి, ఇంకెక్కడా చేరకండి అన్నారు. ఇప్పుడేమో రెండు నెలల డబ్బు ఒకేసారి ఇచ్చేసి 19నే రిలీవ్ చేసినట్టు రాస్తామంటున్నారు. నేను చేరింది 2021 మార్చి 3న. బేసిక్ 60,000. ఒప్పుకోవచ్చా?
- ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఒప్పుకోకండి. చేతికొచ్చే డబ్బు ఒకటేలా కనిపిస్తుంది గానీ, తేడా అంతా రిలీవింగ్ తేదీలో ఉంది.

నోటీసు కాలంలో పని చెప్పకుండా, జీతం ఇస్తూ ఇంట్లోనే ఉండమనడాన్ని గార్డెన్ లీవ్ అంటారు. దీనికి మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు, మీ అపాయింట్‌మెంట్ లెటరే ఆధారం. పని చెప్పకపోయినా మీరు ఉద్యోగంలో ఉన్నట్టే. అంటే మార్చి 20 దాకా పూర్తి జీతం, దాని మీద పీఎఫ్ నడవాలి. అంతకన్నా ముఖ్యం, సర్వీసు నడుస్తుంది. మార్చి 2తో మీకు గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు నిండుతాయి. అప్పుడు గ్రాట్యుటీ లెక్క ఇది: 60,000ను 26తో భాగించి, 15తో, ఆపైన 5తో గుణిస్తే సుమారు 1,73,077 రూపాయలు. జనవరి 19నే రిలీవ్ అయితే ఐదేళ్లకు ఆరు వారాలు తక్కువ. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో అన్నమాట నిజమే. కానీ దాన్ని చూపి కంపెనీతో పోరాడే అవసరం ఎందుకు తెచ్చుకోవాలి?

హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మామూలుగా చివరి పనిదినం దాకే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అనుకుంటుంటే ఆ తేదీని దృష్టిలో పెట్టుకోండి. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే విషయం ఆలోపే రాతపూర్వకంగా అడగండి.

బోనస్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 'చెల్లించే రోజున నోటీసులో ఉండకూడదు' అని పాలసీలో ఉంటే గార్డెన్ లీవ్ మిమ్మల్ని కాపాడదు. షిఫ్ట్ అలవెన్స్ వంటివి పని చేసిన రోజులకే అని రాసి ఉంటే ఆగవచ్చు. మీ ఎర్న్‌డ్ లీవ్‌ను మాత్రం ఈ రోజుల్లో కలిపి కోసేస్తే, ఏ క్లాజు ప్రకారమో చూపమనండి. ఇంట్లో ఉండమన్నది వాళ్లు, సెలవు అడిగింది మీరు కాదు.

ఈరోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: 'మీ ఆదేశం మేరకు ఇంట్లో ఉన్నాను, పని ఇస్తే చేయడానికి సిద్ధం, నా చివరి పనిదినం 2026 మార్చి 20 అని ధ్రువీకరించండి.' ఆఫీసు మెయిల్ ఇప్పటికే మూసేసి ఉంటే సొంత మెయిల్ నుంచే పంపండి. రిలీవ్ అయ్యాక బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ చెబుతోంది. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు.

మార్చి 20 దాకా వేరేచోట చేరకుండా ఆపవచ్చు. ఆ తర్వాత కూడా ఆపే షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు.