మెట్లకు 75 క్యూబిక్ అడుగుల కాంక్రీటు పడుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో పై అంతస్తుకు మెట్లు వేయిస్తున్నాం. ఎత్తు 10 అడుగులు, రెండు వరసలు, మధ్యలో 7 అడుగులకు మూడున్నర అడుగుల ల్యాండింగ్. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, కాలు పెట్టే చోటు 10 అంగుళాలు, పొడవు మూడున్నర అడుగులు. కింది స్లాబ్ మందం 6 అంగుళాలు. సామాను, కూలి కలిపి క్యూబిక్ అడుగుకు 400 చొప్పున 75 అడుగులకు 30,000 అంటున్నాడు మేస్త్రీ. మా దగ్గర 25,000 ఉన్నాయి. మిగతాదానికి గొలుసు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: గొలుసు బీరువాలోనే ఉంచండమ్మా. ముందు ఆ 75 ఎలా వచ్చిందో చూద్దాం.

ఒక్కో వరస 5 అడుగులు ఎక్కాలి, అంటే 10 ఎత్తులు. పదో ఎత్తు ఎక్కితే ల్యాండింగ్ మీదో పై స్లాబ్ మీదో ఉంటాం కాబట్టి విడిగా పోసే మెట్లు 9 మాత్రమే. అడ్డంగా ఏడున్నర అడుగులు, నిలువుగా 5 అడుగులు అంటే వాలు వెంట టేపు పెడితే 9 అడుగులు వస్తుంది. ఆ వాలు స్లాబే వెయిస్ట్ స్లాబ్. 9 × 3.5 × 0.5 అంటే సుమారు 15.75 క్యూబిక్ అడుగులు.

దాని మీద కూర్చునే మెట్టు త్రికోణం, దిమ్మె కాదు. అందుకే 6 అంగుళాలను 10 అంగుళాలతో గుణించి సగం చేసి, అడుగుల్లోకి మార్చి, మూడున్నర అడుగుల పొడవుతో గుణించాలి. ఒక్కో మెట్టుకు 0.73, తొమ్మిదింటికి 6.6 క్యూబిక్ అడుగులు. రెండు వరసలకూ కలిపి 44.6, ల్యాండింగ్‌కు 12.25. మొత్తం 57.

మీ మేస్త్రీ స్లాబ్ 6, మెట్టు 6, వెరసి అడుగు మందం అని వాలంతా లెక్కేసినట్టుంది. అలా చేస్తే రెండు వరసలకు 63, ల్యాండింగ్‌తో 75. సరిగ్గా ఆయన అంకే! నిజానికి సగటు మందం ఎనిమిదిన్నర అంగుళాలే. మోసమనే అనుకోనక్కర్లేదు, చాలామందికి ఇదే అలవాటు.

57కి 22,800. గోడలోకి దూర్చే భాగానికి, వృథాకు కలుపుకుని 60 వరకు ఒప్పుకోండి, 24,000 అవుతుంది. ల్యాండింగ్ కింద బీమ్ ఉంటే మాత్రం అది వేరే లెక్క. వాలు స్లాబ్ పోసి మెట్లు ఇటుకతో కడతానంటే, ఆ 13 అడుగులకు కాంక్రీటు రేటు ఇవ్వకండి.

కాంక్రీటు పోసే ముందే, సెంట్రింగ్ మీద కొలతలు ఇద్దరూ కలిసి రాసుకోండి. మందాన్ని వాలుకు లంబంగా కొలవాలి. టేపు నిట్టనిలువుగా పెడితే 6 అంగుళాలు కాస్తా సుమారు 7 చూపిస్తుంది. పోసిన రోజు ఖాళీ సిమెంటు బస్తాలు లెక్కపెట్టండి. 1:1.5:3 పాళ్లకు 57 అడుగులకు 13 బస్తాల దాకా పడతాయి. 75 అయితే 17 ఖాళీ కావాలి.