జాతర స్కిట్ డబ్బు పంచుకునే ముందు

ప్రశ్న: మాది తిరుపతి. మా చిన్నాయన కొడుకూ నేనూ యూట్యూబ్‌లో కామెడీ ఛానెల్ నడుపుతున్నాం. మే నెలలో గంగజాతర మీద చేసిన స్కిట్‌ను జనం బాగా చూశారు. మొన్న తొలిసారి నా ఖాతాలో రూ.36,600 పడింది. రాసేదీ నటించేదీ నేనే కాబట్టి అరవై శాతం నాదంటున్నాను. కెమెరా తమ్ముడిది. దానికోసం యాప్‌లో రూ.60,000 లోన్ తీశాడు, ఏడాదిపాటు నెలకు రూ.6,100 కిస్తీ, మూడు కట్టాడు. ముందు కిస్తీలు తీసేసి మిగిలింది చెరిసగం అంటాడు. పైగా ఇంకో లోన్‌తో డ్రోన్ కొందామంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఎలా పంచుకోవాలి సార్?

జవాబు: పంచుకోవడానికి ఇది నెలనెలా వచ్చే జీతం కాదు. కొత్త ఛానెళ్లు చాలావరకు తప్పటడుగు వేసేది ఇక్కడే. మీకు వచ్చింది జాతర డబ్బు. మే నెల ఆదాయం జూన్ 21-26 మధ్య పడింది. జూన్‌లో జాతర లేదు. యూట్యూబ్‌లో మీ లెక్క 100 డాలర్లు దాటకపోతే ఆ నెల ఖాతాలో ఏమీ పడదు, వచ్చే నెలకు జమవుతుంది. కిస్తీ మాత్రం ఆగదు. అప్పుడు తమ్ముడు ఎక్కడికి పోతాడు? ఇంకో యాప్‌కే.

ఆ లోన్ సంగతి చూడండి. రూ.60,000కు మొత్తం రూ.73,200 కడుతున్నాడు. నెలనెలా అసలు తగ్గుతుంది కాబట్టి సరిగ్గా లెక్కేస్తే నూటికి మూడు రూపాయల పైన వడ్డీ, ఏడాదికి సుమారు 38 శాతం! వీధిలో వడ్డీ వ్యాపారి ఇంత అడిగితే కొట్లాటకు పోతాం, ఫోన్లో అయితే ఓకే నొక్కేస్తాం.

అందుకని ఛానెల్ కోసం వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. ఈ నెల కిస్తీ రూ.6,100 తీసేయండి. చెరో రూ.5,000 తీసుకోండి. మిగిలిన రూ.20,500 ఆ ఖాతాలో వేసి ముట్టుకోకండి. రాబడి ఆగినా మూడు కిస్తీలు గడుస్తాయి. తర్వాత వచ్చే డబ్బుతో ముందు లోన్ మూసేయండి, ముందే కడితే ఛార్జీ ఎంతో అడిగి చూసుకోండి. ఆపైన ఆరు నెలల షూటింగ్ ఖర్చు ఖాతాలో చేరేదాకా వాటాలు పెంచొద్దు. సిప్‌లు, ఆర్‌డీలు అన్నీ ఆ తర్వాతే.

ఇక మీ అరవై శాతం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభం సమానంగానే పంచుకోవాలి. ఎక్కువ పని చేశానని విడిగా జీతం అడగడానికీ లేదు. మీకు ఎక్కువ కావాలంటే తమ్ముడు ఒప్పుకుని కాగితం మీద రాయాలి. కిస్తీలు ఛానెల్ కడుతుంటే కెమెరా కూడా ఛానెల్‌దే అని అందులోనే రాసుకోండి. అతను జేబులోంచి కట్టిన రూ.18,300 ఛానెల్ అతనికి బాకీ అని కూడా. డబ్బంతా మీ పాన్ మీద పడుతోంది, రేపు పన్ను లెక్కల్లో అదంతా మీ ఆదాయంగా కనిపిస్తుంది. ఆ కాగితం, తమ్ముడికి బ్యాంకు ద్వారా పంపిన రుజువు మీకే అవసరం.

డ్రోన్ కొనొద్దు. అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోండి.