'అతడు అడవిని జయించాడు' లాంటి నవల ఇంకోటి ఎలా వెతుక్కోవాలి?

ప్రశ్న: "కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' ఒక్క బిగిన చదివేశాను. ఇంకా అందులోంచి బయటికి రాలేదు. అలాంటిదే ఇంకోటి చెప్పమంటే అందరూ పల్లె నవలలు, దళిత నవలలు చెబుతున్నారు. రెండు తెచ్చుకున్నాను. మంచివే, కానీ ఏదీ అలా పట్టుకోలేదు. అసలు ఎలా వెతకాలి?"

వాళ్ళు చెప్పిన పేర్లలో తప్పు లేదండీ. పుస్తకం దేని గురించో చూసి చెప్పారు, అంతే. మిమ్మల్ని పట్టుకున్నది మాత్రం ఆ కథ నడిచిన తీరు. ఈ రెండూ వేరు. విషయం చూసి వెతికితే మొదట తగిలేది 'మాలపల్లి'. అది 1922లో వచ్చిన పెద్ద నవల. ఒక కుటుంబంతో మొదలై ఊరంతా, ఉద్యమమంతా అల్లుకుంటూ పోతుంది. మీరు చదివినదాంట్లో ఒక ముసలివాడు, ఈనడానికి అడవిలోకి వెళ్ళిన ఒక పంది, ఒక రాత్రి. షాపులో రెండూ ఒకే అరలో ఉండొచ్చు. చదివేవాడి ఊపిరి మాత్రం రెంటిలో ఒకేలా ఆడదు.

కాబట్టి మొదట చేయాల్సింది కొత్త పుస్తకం వెతకడం కాదు, చదివిన పుస్తకాన్ని కొలుచుకోవడం. పుస్తకం తెరవకుండా, అట్ట వెనక రాసింది చూడకుండా, మీకు గుర్తున్న మూడు ఘట్టాలు కాగితం మీద రాయండి. కథ రాయొద్దు, ఆ ఘట్టం మాత్రమే. ప్రతిదాని పక్కనా అక్కడ మీకేమయిందో ఒక్క ముక్క రాయండి: బిగుసుకుపోయాను, జాలేసింది, పేజీ తిప్పాలంటే భయమేసింది, చదివిన వాక్యమే మళ్ళీ చదివాను. మూడింటి పక్కనా బిగువుకు సంబంధించిన మాటే పడితే మీకు కావలసింది ప్రధానంగా నడక. జాలి, దిగులు, నిబ్బరం లాంటివి పడితే వాతావరణం. ముసలివాడు ఏమనుకున్నాడో, ఎందుకు వెనక్కి తిరిగి వెళ్ళిపోలేదో అన్నదే పదేపదే వస్తే, కథ అడిగే ప్రశ్న మిమ్మల్ని పట్టుకుందన్నమాట. వాక్యాన్నే మళ్ళీ చదివానని రాసుకుంటే అది భాష మీద ఇష్టం. దాని సంగతి తర్వాత చెబుతాను. అమెరికాలో లైబ్రేరియన్‌గా పనిచేసిన నాన్సీ పెర్ల్, పాఠకుడు నవలలోకి నాలుగు తలుపుల్లోంచి వస్తాడంటారు: కథ, మనుషులు, చోటు, భాష. మీరు ఏ తలుపులోంచి లోపలికి వెళ్ళారో మీ కాగితమే చెబుతుంది.

ఇక నడక. దీన్ని 'స్పీడు' అని సరిపెట్టుకుంటేనే ఎక్కువమంది దారి తప్పేది. ఈ నవలలో పరుగులేమీ లేవు. ముసలివాడు కాచుకుని కూర్చునే సమయమే చాలా. అయినా పుస్తకం కింద పెట్టలేం. కారణం గడియారం. సాయంత్రం మొదలైన కథ మర్నాటికి తేలిపోతుంది కాబట్టి, మీరు చదివే గంటలూ కథలో గడిచే గంటలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. మధ్యలో 'ఆరు నెలలు గడిచాయి' అన్న వాక్యం వచ్చి మిమ్మల్ని బయటికి లాగదు. దీన్ని కొలవడం తేలికే. ఏ నవలనైనా నాలుగు చోట్ల తెరిచి, ఒక్కోచోట రెండు పేజీలు చదవండి. ఆ రెండు పేజీల్లో ఎంత కాలం గడిచింది, ఎంతమంది పేర్లు వచ్చాయి, ఎవరైనా ఏదైనా పని చేస్తున్నారా లేక గతం తలుచుకుంటున్నారా, ఈ మూడే చూడండి. మీ పుస్తకంలో నాలుగు చోట్లా దాదాపు ఒకే జవాబు వస్తుంది: కొన్ని నిమిషాలు, ఒక్కడే మనిషి, చేతిలో ఏదో పని.

మూడోది కథ అడిగే ప్రశ్న. దాన్ని ఒక్క మాటలో రాయకండి. 'వృద్ధాప్యం' అని రాసుకుంటే వృద్ధాశ్రమం కథలు తగులుతాయి, 'ప్రకృతి' అంటే అడవి వర్ణనలు. ప్రశ్నగానే రాయండి: 'ఒంట్లో సత్తువ తగ్గిన మనిషి, తనదనుకున్న ప్రాణాన్ని ఎందాకా కాపాడగలడు?' ఇలా రాశాక ఊరు, కులం, అడవి, పంది అన్నీ పక్కకి జరుగుతాయి. అవి లెక్కలోకి రానివని కాదు. ఈ నవలకు బలమిచ్చినవి అవే. కానీ వెతుకులాటకు అవి గుర్తులుగా పనికిరావు.

ఇప్పుడు మీ చీటీ ఇలా ఉంటుందనుకుందాం. నడక: ఒక్క దారం, కొద్ది గంటలు, మనిషి చేసే పని. వాతావరణం: ఒంటరితనం, ప్రమాదం, ఏడవని మనిషి. ప్రశ్న: పైన రాసింది. ఈ మూడింటిలో రెండు కలిస్తే చాలు, ఒకటి వదిలేయండి. మూడూ అచ్చంగా కలిసిన పుస్తకం దొరికితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ దాన్ని చదువుతున్నంతసేపూ పాతదానితో పోల్చి చూస్తూనే ఉంటారు. ప్రతి పేజీలోనూ 'అందులో ఇంకా బాగుంది' అనిపించి, మంచి పుస్తకానికి కూడా అన్యాయం జరుగుతుంది.

చీటీ పట్టుకుని కొన్ని పుస్తకాలు చూద్దాం. హెమింగ్‌వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' (1952)లో ముసలి జాలరి శాంటియాగోకి 84 రోజులుగా చేప పడలేదు. ఒంటరిగా దూరం వెళ్ళి ఒక పెద్ద మార్లిన్ చేపతో తలపడతాడు. నడకా ప్రశ్నా రెండూ కలుస్తాయి. వాతావరణమే మారుతుంది. అక్కడ ఎండ, నీళ్ళు, చేపను సాటివాడిగా చూసే గౌరవం. ఇక్కడ చీకటి, నెత్తురు వాసన. ముసలివాడు తనలో తాను మాట్లాడుకునే చోటు మీరు రాసుకున్న మూడు ఘట్టాల్లో ఒకటైతే ఇది తప్పకుండా పట్టుకుంటుంది.

చింగీజ్ ఐత్మాతోవ్ 'ఫేర్‌వెల్, గుల్సారీ' (1966) పేరు మీకెవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే బయటికి అది సోవియట్ సమష్టి వ్యవసాయం నవల. కిర్గిజ్ ముసలివాడు తానాబాయ్, చావుకి దగ్గరపడ్డ తన గుర్రంతో దారిలో ఒక రాత్రి గడుపుతాడు. వాతావరణం, ప్రశ్న గట్టిగా కలుస్తాయి. నడక కలవదు. ఆ రాత్రి మధ్యమధ్యలో యవ్వనం, పార్టీ, గుర్రానికి జరిగిన అన్యాయాలు అన్నీ వెనక్కి తిరిగి వస్తాయి.

నవీన్ 'అంపశయ్య' (1969) పైకి సరిపోయినట్టు కనిపించే పుస్తకం. ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒకే రోజు. గడియారం కలిసింది కదా అని తెచ్చుకుంటారు. కానీ అందులో కదిలేది మనసు, చేతులు కాదు. ఆలోచనలోంచి ఆలోచనలోకి పోతుంది. రెండు పేజీల పరీక్షలో మూడో ప్రశ్న దగ్గర ఇది తేలిపోతుంది. గొప్ప నవల, ఎప్పుడో చదవాల్సిందే, కానీ ఈ వారం మీకు కావలసింది అది కాదు.

అదే రచయిత పుస్తకాలన్నీ ఒకే తీరున ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. కేశవరెడ్డి గారి 'సిటీ బ్యూటిఫుల్' వైద్యవిద్యార్థి మనసులో సాగుతుంది, అంటే 'అంపశయ్య' వైపు. 'మునెమ్మ' మాత్రం మీ వైపు: చిన్న పుస్తకం, ఒకే గమ్యం పెట్టుకుని ఇల్లు కదిలిన మనిషి, కథలో ఒక గిత్త. వాతావరణంలో ప్రమాదం ఉంది, ఒంటరితనం తక్కువ.

పేజీలు తెరిచి చూసేటప్పుడు రెండు చోట్ల మోసపోతారు. మన నవలలు చాలా వరకు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవే. వారం వారం పాఠకుణ్ణి ఆపాలి కాబట్టి ప్రతి భాగం చివరా ఒక ముడి పడుతుంది, మొదటి రెండు పేజీలు మరీ ఉరుకుతాయి. పుస్తకంగా ఏకబిగిన చదివితే ఆ నడక కుదుపుల రోడ్డు మీద బస్సులా ఉంటుంది. అందుకే మొదటి పేజీని లెక్కలోకి తీసుకోకండి. మూడో వంతు దగ్గరా, సగం దాటాకా తెరవండి. చివరి పేజీల జోలికి పోవద్దు. రెండోది ముందుమాట. మన పుస్తకాల్లో అది చాలాసార్లు కథంతా చెప్పేసి, పైన ఒక వాదం ముద్ర కూడా వేస్తుంది. నవల అయ్యాక చదవండి.

భాష సంగతి. మీ కాగితం మీద 'వాక్యం మళ్ళీ చదివాను' అన్నది రెండుసార్లు కనిపిస్తే, పై రెండు విదేశీ నవలలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అనువాదంలో కథా ప్రశ్నా దాదాపు చెక్కుచెదరకుండా వస్తాయి, వాతావరణం కొంత వస్తుంది, వాక్యం లయ మాత్రం అనువాదకుడిదే అవుతుంది. అప్పుడు 'మునెమ్మ' నుంచే మొదలుపెట్టడం నయం.

ఇంకొకరిని అడిగేటప్పుడు 'అలాంటి మంచి నవల చెప్పండి' అంటే వాళ్ళకి నచ్చిన నవల పేరే చెబుతారు. చీటీని ఒక్క వాక్యం చేసి అడగండి: 'ఒకరిద్దరు మనుషులు, ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి, ఏదో ఒకదాన్ని కాపాడుకునే ప్రయత్నం ఉండాలి, ఏ ఊరైనా ఏ దేశమైనా సరే.' లైబ్రరీలో అడిగినా, గ్రూపులో అడిగినా, ఇలా అడిగినప్పుడు వచ్చే పేర్లు వేరుగా ఉంటాయి. వేట కథ, పడవ ప్రయాణం, యుద్ధంలో ఒక రాత్రి, ఇలాంటివి బయటికొస్తాయి.

తెచ్చుకున్నది ఎన్ని పేజీల దాకా చూడాలి? నాన్సీ పెర్ల్ చెప్పే లెక్క 50 పేజీలు. యాభై ఏళ్ళు దాటినవాళ్ళయితే నూరులోంచి వయసు తీసేస్తే ఎంతొస్తే అంత. ఇలాంటి చిన్న నవలలకు అది ఎక్కువ, 50 పేజీలకే సగం కథ అయిపోతుంది. ఇరవై చాలు. పాత పుస్తకం ఇంకా బుర్రలో తిరుగుతుంటే ముందు నాలుగైదు రోజులు నవల ముట్టకుండా కథలో, వ్యాసాలో చదవండి. లేకపోతే తప్పు పుస్తకానిదో మీ మనసుదో తెలియదు.

నేనైతే మీకు 'గుల్సారీ' ముందు ఇస్తాను, నడక ఒక్కటే తేడా కాబట్టి. గతంలోకి మళ్ళిన మొదటి రెండుసార్లూ 'మళ్ళీ ఆ రాత్రిలోకి ఎప్పుడు వస్తాడు' అని విసుగొస్తే, మీకు కావలసింది ఆ గడియారమేనని తేలిపోయినట్టే. అక్కడే ఆపేసి శాంటియాగో పడవ ఎక్కండి. విసుగు రాకపోతే మిమ్మల్ని పట్టుకున్నది ముసలివాడికీ జంతువుకీ మధ్య ఉన్నది. అప్పుడు ఆ పుస్తకం పూర్తి చేశాక 'మునెమ్మ' తీయండి.