వీడియో టైటిల్లో అంకె ఎప్పుడు, ప్రశ్న ఎప్పుడు?

ప్రశ్న: సర్, మాది పర్లాకిమిడి. ప్లస్ త్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఇక్కడి తెలుగు పిల్లలకి అడ్మిషన్ల గురించి చెప్పే యూట్యూబ్ చానల్ ఒకటి స్నేహితులం కలిసి నడుపుతున్నాం. టైటిల్స్ రాసేది నేనే. "7 విషయాలు" అని అంకెతో పెడితేనే చూస్తారని కొందరు, ప్రశ్నలా పెట్టమని కొందరు అంటున్నారు. ఏది ఎప్పుడు పెట్టాలి? ఈ పనినే ఉద్యోగంగా చేసుకోవాలని ఉంది.

జవాబు: టైటిల్ రాసే ముందు వీడియో స్క్రిప్టు మీద ఒక చిన్న పరీక్ష చేయండి. అందులోని అంశాలను అటూ ఇటూ మార్చి చూడండి. మూడోది మొదటికి తెచ్చినా, ఒకటి తీసేసినా మిగతావి చెడకుండా నిలబడితే అది జాబితా వీడియో, దానికి అంకె నప్పుతుంది. అలా కాక అన్నీ ఒకే సందేహం చుట్టూ తిరుగుతూ, ఒక మాట చెప్పకపోతే తర్వాతి మాట అర్థం కాని పరిస్థితి ఉంటే అది ప్రశ్న వీడియో. దానికి బలవంతంగా అంకె తగిలిస్తే ఒక్క జవాబునే ఏడు ముక్కలు చేయాల్సి వస్తుంది. నాలుగో ముక్క దగ్గరికి వచ్చేసరికి చెప్పిందే చెబుతున్నారని చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

మీ చానల్‌కి సరిపోయే ఉదాహరణే తీసుకుందాం. "ఆంధ్రలో చదవాలనుకునే ఒడిశా విద్యార్థులు తెలుసుకోవాల్సిన 7 విషయాలు" అని పద్నాలుగు నిమిషాల వీడియో చేశారనుకోండి. అందులో ఆరు అంశాలు కాగితాలు: పదో తరగతి సర్టిఫికెట్, ప్లస్ టూ మార్కుల జాబితా, కాలేజీ వదిలినట్టు ఇచ్చే పత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్, కాండక్ట్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం. ఏడోది కుల ధ్రువపత్రం ఆంధ్రలో చెల్లుతుందా లేదా అన్నది. మొదటి ఆరింటికీ ఒకదానితో ఒకటి పని లేదు, ఏది ముందు చెప్పినా నష్టం లేదు. ఏడోది మాత్రం కాగితం కాదు, సందేహం. దానికి జవాబు కావాల్సిన పిల్లవాడు పన్నెండో నిమిషం దాకా కూర్చోడు. అసలు ఆ జవాబు ఈ వీడియోలో ఉందని టైటిల్ చూసి కనిపెట్టలేడు కూడా. కాబట్టి దీన్ని రెండు వీడియోలు చేయాలి.

ముందు ప్రశ్న వీడియో. టైటిల్: "ఒడిశా కుల సర్టిఫికెట్ ఆంధ్రలో చెల్లుతుందా?" మొదటి అరనిమిషంలోనే జవాబు చెప్పేయాలి. ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఆ హోదా ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి వెళితే అక్కడి రాష్ట్ర కోటాలో దాన్ని అడగడానికి లేదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆంధ్ర రాష్ట్ర కోటాకి చెల్లదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి, కేంద్ర విద్యాసంస్థలకి మాత్రం ఒడిశా జాబితాలో ఆ కులం పేరు ఉంటే చెల్లుతుంది.

జవాబు ముందే చెప్పేస్తే వెళ్లిపోతారని చాలామంది దాచిపెడతారు. జరిగేది వేరు. యూట్యూబ్ స్టూడియో ఎనలిటిక్స్‌లో ఒక గీత, మొదటి 30 సెకన్ల దగ్గర ఎంతమంది మిగిలారో చూపిస్తుంది. జవాబు దాచిన వీడియోలో గీత అక్కడే కిందికి జారుతుంది. ఎందుకంటే సందేహంతో వచ్చినవాడు సుత్తి వినడానికి రాలేదు, పక్క వీడియోకి పోతాడు. ముందు చెప్పేస్తే, విన్నవాడికి వెంటనే రెండో సందేహం పుడుతుంది: "మరి నేను పాతపట్నంలో కాలేజీలో చేరితే ఏ కోటాలో అప్లై చేయాలి?" మిగతా మూడు నాలుగు నిమిషాలు దానికి వాడండి. ప్రశ్న వీడియోని నిలబెట్టేది ఈ రెండో ప్రశ్నే. జవాబు "లేదు" అన్న ఒక్కమాటతో పూర్తయి, ఆ తర్వాత అడగడానికి ఏమీ లేకపోతే అది వీడియోకి సరిపడే విషయం కాదు, కమ్యూనిటీ పోస్టులో రాసేయండి. అలాగే "ఏ కోర్సు మంచిది?" లాంటి ప్రశ్న పెట్టకండి. వీడియో చివర "మీ ఆసక్తిని బట్టి" అని ముగించాల్సి వస్తుంది, అప్పుడు టైటిల్ మాట తప్పినట్టే.

ఇక జాబితా వీడియో. టైటిల్: "6 కాగితాలు: ఒడిశా నుంచి ఆంధ్ర డిగ్రీ కాలేజీకి". ఇక్కడ వరుస మార్చినా చెడదు కాబట్టి ఆ వీలును వాడుకోండి. చేరికను ఆపేసే కాగితం ముందు రావాలి, అంటే మైగ్రేషన్ సర్టిఫికెట్. అది కౌన్సిల్ నుంచి రావాలి, వెళ్లిన పూట చేతికి అందదు. రెండోది కాలేజీ వదిలిన పత్రం. మనవైపు దాన్ని సీఎల్‌సీ అంటాం, ఆంధ్ర కాలేజీ కౌంటర్లో టీసీ అని అడుగుతారు. పేరు వేరవడం వల్ల పిల్లలు లేదనుకుని వెనక్కి వస్తారు. ఇలాంటి ముక్క ఒక్కటి ఉన్నా ఆ అంశానికి దాని స్థానం దక్కినట్టే. ప్రతి అంశానికీ అలాంటిది ఒకటి దొరక్కపోతే అంకె తగ్గించండి. నాలుగు గట్టి అంశాలున్న వీడియోకి 4 అనే పెట్టాలి. పది చేయడానికి "ఫొటోలు", "పెన్ను" చేరిస్తే గీతలో అక్కడే గుంట కనబడుతుంది.

జాబితా వీడియోకి చాప్టర్లు తప్పనిసరి అనుకోండి. డిస్క్రిప్షన్లో ఇలా రాస్తే యూట్యూబ్ వాటిని గుర్తిస్తుంది:

```
0:00 ముందుగా తెచ్చుకోవాల్సింది
0:20 మైగ్రేషన్ సర్టిఫికెట్
1:45 సీఎల్‌సీ, టీసీ తేడా
3:00 కాండక్ట్ సర్టిఫికెట్
3:40 నివాస పత్రం
4:30 పదో తరగతి, ప్లస్ టూ పత్రాలు
```

మొదటిది 0:00తోనే మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు, సమయాలు వరుసగా పెరగాలి. ఇందులో ఏది తప్పినా చాప్టర్లు కనిపించవు. చాప్టర్లు పెడితే జనం దూకి చూస్తారు కాబట్టి సగటు చూసిన సమయం తగ్గొచ్చు, కంగారు పడకండి. గీతలో ఒకచోట శిఖరం లేస్తే ఆ అంశాన్నే వెతుక్కుంటూ వచ్చారని అర్థం. అదే మీ తర్వాతి ప్రశ్న వీడియో. సీఎల్‌సీ దగ్గర శిఖరం కనిపిస్తే "సీఎల్‌సీ, టీసీ ఒకటేనా?" అని విడిగా చేయండి.

టైటిల్ ఎంత పొడవుండాలన్నది తెలుగులో రాసేవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. యూట్యూబ్ హద్దు 100 అక్షరాలు. అయితే గుణింతపు గుర్తులు, పొల్లు, ఒత్తు కోసం కొట్టే గుర్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "సర్టిఫికెట్" కంటికి అయిదక్షరాలే, లెక్కలో 11. పైన రాసిన ప్రశ్న టైటిల్ 42, జాబితా టైటిల్ 45. ఫోన్‌లో పొడవైన టైటిల్ చివర చుక్కలు పెట్టి కోసేస్తారు.

తెలుగులో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, ప్రశ్న కూడా ఆ క్రియకే అంటుకుని ఉంటుంది. "ఒడిశాలో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి చెల్లుతుందా?" అని రాస్తే "చెల్లుతుందా" కత్తిరింపులో పోతుంది, మిగిలింది ప్రశ్నలా కనిపించనే కనిపించదు. అంకెకీ అంతే. "పట్టుకెళ్లాల్సిన 6 కాగితాలు" అని సహజంగా రాస్తే ఆరు చివరికి పోతుంది. అందుకే జాబితా టైటిల్లో అంకెని, వస్తువుని ముందుకి లాగి రెండు చుక్కలు పెట్టాలి. ప్రశ్న టైటిల్లో అలా లాగితే వాక్యం వంకరపోతుంది కాబట్టి, అక్కడ విశేషణాలు తీసేసి పొట్టి చేయడమొక్కటే దారి.

ఇంకో తేడా, జనం వచ్చే దారి. సందేహం ఉన్నవాడు సెర్చ్‌లో టైప్ చేసి వస్తాడు. అతని మాటలే టైటిల్లో ఉండటం వల్ల ప్రశ్న రూపం అక్కడ బాగా పనిచేస్తుంది. అంకె రూపం ఎక్కువగా హోమ్ పేజీలో, ఏమీ వెతకకుండా చూస్తున్నవాళ్ల దగ్గర పనికొస్తుంది. ఎనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్ కింద యూట్యూబ్ సెర్చ్ నొక్కితే జనం కొట్టిన పదాలు కనిపిస్తాయి. మనవైపు తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివినవాళ్లు చాలామంది, తెలుగు లిపిలో టైప్ చేయరు. `odisha caste certificate andhra lo chelluthunda` అని కొడతారు. ఆ వాక్యాన్ని డిస్క్రిప్షన్ మొదటి రెండు వరుసల్లో ఒకసారి పెట్టండి.

రెండూ నప్పని వీడియోలు కూడా ఉంటాయి. అప్లికేషన్ నింపడం చూపించే వీడియోలో వరుస మారితే పని చెడుతుంది, దానికి "ఎలా" చాలు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల తయారీ చూపిస్తే ఆ పేరే టైటిల్. నౌపడ-గుణుపురం చిన్న రైలు 1900లో మొదలై 2011కి బ్రాడ్‌గేజ్ అయిన వైనం చెబితే అది కథ, "ఎందుకు" అన్న ప్రశ్న నప్పుతుంది కానీ అంకె దాన్ని ముక్కలు చేస్తుంది. మహేంద్రగిరి చుట్టూ చూడాల్సిన చోట్లంటే నిస్సందేహంగా జాబితానే.

టైటిల్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి రెండు సంఖ్యలు కలిపి చూడాలి: కనిపించినవాళ్లలో ఎందరు నొక్కారు, నొక్కినవాళ్లు 30 సెకన్లకి ఎందరు మిగిలారు. సగం చానళ్లకీ వీడియోలకీ నొక్కే శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. నొక్కడం ఎక్కువై, మిగలడం తక్కువైతే టైటిల్ చెప్పింది వీడియోలో లేదని అర్థం. నొక్కడం తక్కువై, వచ్చినవాళ్లు చివరిదాకా ఉంటే వీడియో మంచిదే, టైటిల్ మార్చండి. మార్చినప్పుడు థంబ్‌నెయిల్‌ని ముట్టుకోవద్దు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. హోమ్ నుంచి వచ్చిన శాతాన్ని సెర్చ్ నుంచి వచ్చినదాంతో పోల్చకండి.

ఉద్యోగం సంగతి. ఈ పనికి సర్టిఫికెట్ కంటే చేసిన పని కాగితం మీద చూపించడమే ముఖ్యం. ఇప్పటినుంచే ఒక షీట్ పెట్టుకోండి. ఒక్కో వీడియోకి ఒక వరుస: స్క్రిప్టు ఏ రకం, మీరు రాసిన మూడు టైటిల్స్, పెట్టింది ఏది, ఎందుకు, వారం తర్వాత ఆ రెండు సంఖ్యలు, మారిస్తే మారాక అవే సంఖ్యలు. పని చేయని టైటిల్స్‌ని అందులోంచి తీసేయకండి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో డిజిటల్ డెస్క్‌కి వెళ్లినప్పుడు ఒక విషయం ఇచ్చి టైటిల్ రాయమంటే, రాసే ముందు స్క్రిప్టు గాని వీడియో గాని చూపించమని అడగండి.