సీడీసీలో కేడెట్ అని ఉంటే, థర్డ్ ఆఫీసర్‌గా చేసిన సీ టైమ్ పోయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. మావాడు షిప్పులో థర్డ్ ఆఫీసరు. మూడు షిప్పుల్లో కలిపి 16 నెలలు చేసినాడు. ఫస్ట్ మేట్ పరీక్షకు పోతే సర్వీసు చాల్లేదు, మొదటి షిప్పు లెక్కలోకి రాదు అన్నారంట. ఆ షిప్పులోనూ వాడు డ్యూటీ చేసినాడు, జీతం తీసుకున్నాడు. మళ్లీ షిప్పు ఎక్కాల్సిందేనా? వాడి సర్వీసు రాసే సీడీసీ పుస్తకం పేజీలు, జీతం స్లిప్పులు ఫోటో తీసి పంపిస్తున్నా, చూసి చెప్పండి.

జవాబు: అన్నా, మీరు పంపినవన్నీ చూశాను. మొదటి షిప్పు మొత్తం లెక్కలోకి రాదు, అలాగని మొత్తం పోలేదు కూడా. అందులో 3 నెలల 22 రోజులు రాబట్టుకునే దారి ఉంది, కానీ దానికి కాగితాలు కావాలి, ఆ కాగితాలు మీవాడు అడిగితే తప్ప ఎవరూ తెచ్చివ్వరు.

ఇక్కడ జరిగింది ఏంటంటే, ఓడలో ఉన్న రోజులు వేరు, ఆఫీసరు హోదాలో ఉన్న రోజులు వేరు. ప్రపంచమంతా ఓడ ఉద్యోగులకు వర్తించే ఎస్టీసీడబ్ల్యూ ఒప్పందం ప్రకారం, పెద్ద ఓడల మీద చీఫ్ మేట్ సర్టిఫికెట్, అంటే మీరన్న ఫస్ట్ మేట్ సర్టిఫికెట్ కావాలంటే, వాచ్‌కు, అంటే బ్రిడ్జిలో ఓడ నడిపే డ్యూటీకి తనే బాధ్యుడైన ఆఫీసరుగా కనీసం 12 నెలలు సముద్రం మీద చేసి ఉండాలి. ఇది కనీసం మాత్రమే, ఏ దేశమైనా దీనిపైన ఇంకా అడగొచ్చు, కాబట్టి ఓడ ఉద్యోగుల వ్యవహారాలు చూసే మన డీజీ షిప్పింగ్ రూల్లో ఎన్ని నెలలు, ఎలాంటి ఓడ అని ఉందో అప్లై చేసే రోజున అమల్లో ఉన్నదే చూసుకోండి. నెలల సంఖ్య ఏదైనా లెక్క కట్టే పద్ధతి మాత్రం ఒకటే. చీఫ్ ఆఫీసరు పక్కన నిలబడి కేడెట్‌గా, అంటే ట్రైనీగా వాచ్ చేస్తే, ఆ వాచ్ చీఫ్ ఆఫీసరుది. మీవాడి జేబులో సెకండ్ మేట్ సీవోసీ, అంటే ఆఫీసరుగా చేయడానికి అర్హత సర్టిఫికెట్ ఉన్నా సరే, కేడెట్ పోస్టులో ఉన్నన్నాళ్లు అది ఆఫీసరు సర్వీసు కాదు. చాలామంది పిల్లలకు ఇదే జరుగుతోంది. పరీక్ష పాసై సీవోసీ తెచ్చుకుంటారు, కంపెనీలో థర్డ్ ఆఫీసరు ఖాళీ ఉండదు, "ముందు కేడెట్‌గా ఎక్కు, అక్కడే ప్రమోషన్ ఇస్తాం" అంటారు, వీళ్లు ఎక్కేస్తారు. ప్రమోషన్ నిజంగానే ఇస్తారు, సీడీసీలో మాత్రం ఎవరూ రాయరు.

ఇప్పుడు మీవాడి లెక్క కడదాం. ఎస్టీసీడబ్ల్యూలో నెల అంటే క్యాలెండర్ నెల, మిగిలిన చిల్లర రోజులన్నీ కలిపి 30 అయితే ఇంకో నెల. ఎక్కిన రోజు, దిగిన రోజు రెండూ కలుపుకుని లెక్కేస్తున్నాను.

మొదటి షిప్పు 2023 మార్చి 4న ఎక్కి అక్టోబరు 11న దిగాడు, అంటే 7 నెలల 8 రోజులు. రెండోది 2024 జనవరి 15 నుంచి జూన్ 2 వరకు, 4 నెలల 19 రోజులు. మూడోది 2024 ఆగస్టు 28 నుంచి 2025 జనవరి 9 వరకు, 4 నెలల 13 రోజులు. అన్నీ కలిపితే 16 నెలల 10 రోజులు, మీరు చెప్పింది ఇదే. కానీ మొదటి షిప్పుకు సీడీసీలో ఒకే ఒక్క లైను ఉంది, ర్యాంకు గడిలో డెక్ కేడెట్ అని ఉంది. దాన్ని చూసిన అధికారి ఆ లైను తీసేస్తే మిగిలేది 9 నెలల 2 రోజులే. వాళ్లు చేసింది తప్పు కాదన్నా, వాళ్ల ముందున్న కాగితం అదే చెప్తోంది.

అయితే మీరు పంపిన జూన్ జీతం స్లిప్పు నన్ను ఆపేసింది. 1వ తేదీ నుంచి 19 వరకు కేడెట్ స్టైపెండ్ ఒక లైను, 20 నుంచి 30 వరకు థర్డ్ ఆఫీసరు జీతం ఇంకో లైను. అంటే జూన్ 20న వాడికి ప్రమోషన్ వచ్చింది. జూన్ 20 నుంచి అక్టోబరు 11 దాకా 3 నెలల 22 రోజులు. ఇది 9 నెలల 2 రోజులకు కలిస్తే 12 నెలల 24 రోజులు అవుతుంది. మార్చి 4 నుంచి జూన్ 19 దాకా చేసింది మాత్రం కేడెట్ సర్వీసే, దాని కోసం ఎవరితోనూ వాదించొద్దు, టైమ్ దండగ.

జీతం స్లిప్పు ఒక్కటే చూపిస్తే ఒప్పుకోరు. అది కంపెనీ ఎంత ఇచ్చిందో చెప్తుంది, వాచ్ ఎవరిదో చెప్పదు. అందుకని ముందు ఒక విషయం మీవాడిని అడగండి, దీని మీదే మిగతా అంతా ఆధారపడి ఉంది. ఆ ఓడ పనామా జెండాది. మన దేశం ఇచ్చిన సీవోసీతో వేరే దేశం జెండా ఉన్న ఓడలో ఆఫీసరుగా చేయాలంటే, ఆ జెండా దేశం ఆ ర్యాంకుకు గుర్తింపు ఇవ్వాలి, దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. అప్లై చేసిన రసీదు ఉంటే, అసలు ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చేలోపు గరిష్ఠంగా 3 నెలల వరకు పని చేయనివ్వొచ్చు. కాబట్టి జూన్ 20 నాటికి వాడి పేరు మీద కనీసం ఆ రసీదైనా ఉండాలి, ఆ 3 నెలలు దాటకముందే ఎండార్స్‌మెంట్ వచ్చి ఉండాలి. ఇవి ఉంటే ప్రమోషన్ సక్రమంగా జరిగినట్టు, ముందుకు పోవచ్చు. లేకపోతే ఓడలో వాడిని థర్డ్ ఆఫీసర్ అని పిలిచారే కానీ చట్టం దృష్టిలో వాడు ఆఫీసరు కాదు, ఆ 3 నెలల 22 రోజుల మీద ఆశ వదులుకోవడమే మంచిది.

ఎండార్స్‌మెంట్ తేదీలు సరిగ్గా ఉన్నాయనుకుందాం. అప్పుడు వాడిని ఎక్కించిన ఏజెన్సీకి, అంటే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉన్న కంపెనీకి ఈమెయిల్ రాయాలి. ఫోన్లో అడిగితే "చూస్తాం బాబూ" అని పెట్టేస్తారు. ఓడ పేరు, ఓడను గుర్తించే ఏడంకెల ఐఎంఓ నంబరు, వాడిని గుర్తించే ఇండోస్ నంబరు, ప్రమోషన్ తేదీ ఈమెయిల్లో స్పష్టంగా రాసి, సీ సర్వీస్ టెస్టిమోనియల్, అంటే సర్వీసు ధ్రువీకరించే లెటర్ కావాలని అడగాలి. అందులో కేడెట్‌గా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, థర్డ్ ఆఫీసర్‌గా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రెండు ముక్కలుగా ఉండాలి, బ్రిడ్జిలో పూర్తి బాధ్యతతో వాచ్ చేశాడని ఉండాలి. "మా ఓడలో పని చేశాడు, మంచి కుర్రాడు" అని రాసిచ్చే లెటర్లు ఇలాంటప్పుడు పనికిరావు. డీజీ షిప్పింగ్ ఆన్‌లైన్ ప్రొఫైల్లో ఇండోస్ నంబరు కింద ఆ షిప్పు ఏ ర్యాంకుతో ఎక్కి ఉందో కూడా చూసుకోమనండి, అక్కడా కేడెట్ అనే ఉంటే సరిచేయమని అదే ఈమెయిల్లో అడగాలి. ఒక కాగితం ఒకటి, స్క్రీన్ ఇంకొకటి చెప్తే ఫైలు మళ్లీ ఆగుతుంది.

ఆ లెటర్‌కు బలం ఇచ్చే కాగితాలు ఓడ నుంచే వస్తాయి. ఒకటి క్రూ లిస్టు. ఓడ ప్రతి రేవులో దాన్ని ఇస్తుంది, ప్రతి మనిషి పేరు ఎదురుగా ర్యాంకు ఉంటుంది. జూన్ 20 తర్వాత తగిలిన మొదటి రేవులో ఇచ్చిన లిస్టులో వాడు థర్డ్ ఆఫీసర్ అని ఉంటే చాలా మంచి సాక్ష్యం, ఎందుకంటే అది పరీక్ష కోసం తర్వాత రాయించుకున్నది కాదు. రెండోది లాగ్ బుక్కులో ప్రమోషన్ రాసిన పేజీ నకలు. మూడోది రెస్ట్ అవర్స్ షీటు. నెలనెలా సంతకం పెట్టే ఈ షీట్ల మీద ర్యాంకు ఉంటుంది, వాచ్‌కీపరా కాదా అని గడి కూడా ఉంటుంది. వీటి కాపీ ఉద్యోగికి ఇవ్వాలని ఓడ ఉద్యోగుల హక్కుల కోసం ఉన్న ఎంఎల్‌సీ ఒప్పందంలోనే ఉంది, మీవాడి పెట్టెలో అడుగున ఎక్కడో పడి ఉండొచ్చు, ఒకసారి వెతకమనండి. జులై, ఆగస్టు, సెప్టెంబరు షీట్లు దొరికితే సగం పని అయినట్టే.

ఇవన్నీ చేతికొచ్చాక వాడు నేరుగా చెన్నైలో డీజీ షిప్పింగ్ కింద ఉండే ఎంఎండీ ఆఫీసుకు పోయి సర్వీసు లెక్కకు మళ్లీ అసెస్‌మెంట్ అడగాలి. మన కడప ముంబై-చెన్నై రైలు దారిలోనే ఉంది కాబట్టి చెన్నై పోయిరావడం కష్టం కాదు. జిరాక్సులతో పాటు ఒరిజినల్స్ తీసుకుపోవాలి, పైన ఒక పేజీలో తేదీల లెక్క నేను వేసినట్టే రాసి పెట్టాలి. సరిగ్గా అంచు మీద పోవద్దన్నా, ఎక్కిన రోజు లెక్కేస్తారా దిగిన రోజు లెక్కేస్తారా అన్న దగ్గర రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతాయి.

ఇంకో మాట, దీన్ని మాత్రం చాలా గట్టిగా చెప్తున్నా. సీడీసీలో ఆ కేడెట్ అనే అక్షరాల మీద ఎవరినీ దిద్దనివ్వొద్దు, వాడినీ దిద్దుకోవద్దనండి. "డబ్బులిస్తే మూడు నెలల సీ టైమ్ వేయిస్తాం, స్టాంపు మా దగ్గరుంది" అనేవాళ్లు తగులుతారు. ఆ తేదీల్లో వాడి పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్రలు ఏ దేశానివో, ఆ ఓడ ఎక్కడుందో సరిచూస్తే దొరికిపోతుంది, ఇప్పుడు మూడు నెలలు తక్కువైనవాడు అప్పుడు ఉన్న సీవోసీ కూడా పోగొట్టుకుంటాడు. కాగితాలు దొరక్కపోతే ఇంకో కాంట్రాక్టు చేయడమే దారి. 12 నెలల లెక్కకు ఇంకా 2 నెలల 28 రోజులు చాలు, మామూలు కాంట్రాక్టు అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఆ కాంట్రాక్టు కలిసొచ్చేదే అయినా, పాత 3 నెలల 22 రోజులు వదిలేయకండి. రేపు మాస్టర్, అంటే కెప్టెన్ పరీక్షకు ఎస్టీసీడబ్ల్యూ ఆఫీసరుగా 36 నెలలు అడుగుతుంది, అందులో చీఫ్ మేట్‌గా 12 నెలలు చేసి ఉంటే 24 చాలంటుంది. ఫస్ట్ మేట్ సీవోసీ రాగానే చీఫ్ ఆఫీసరు కుర్చీ రాదు, కొన్నాళ్లు సెకండ్ ఆఫీసరుగానే పంపిస్తారు, ఆ రోజులు 36లో చేరతాయి కానీ చీఫ్ మేట్ 12లో చేరవు. అప్పుడు ఈ పాత నెలలు మళ్లీ లెక్కలోకి వస్తాయి, అప్పటికి ఈ కంపెనీ ఉంటుందో లేదో, ఆ క్రూ లిస్టులు దాచి ఉంటారో లేదో.

ఇకమీదట షిప్పు దిగేటప్పుడు వాడు ఒక పని చేయాలి. దిగేది సాధారణంగా అర్ధరాత్రో తెల్లవారుజామునో, ఏజెంటు కారు కింద నిలబడి ఉంటుంది, ఫ్లయిటు టెన్షన్, అందరూ హడావిడిగా ఉంటారు, ఆ హడావిడిలోనే సీడీసీ చేతిలో పెడతారు. గ్యాంగ్‌వే దిగకముందే ఆ లైను చదవాలి: ఓడ పేరు, ఐఎంఓ నంబరు, టన్నేజీ, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ర్యాంకు, కెప్టెన్ సంతకం, ఓడ ముద్ర. మధ్యలో ప్రమోషన్ వస్తే ఆ రోజే కెప్టెన్‌ను అడిగి, పాత ర్యాంకు ముగిసిన తేదీ, కొత్తది మొదలైన తేదీ రెండు లైన్లుగా వేయించుకోవాలి. టెస్టిమోనియల్ కూడా అక్కడే సంతకం చేయించుకుని ఫోటో తీసి మీకు వాట్సాప్‌లో పంపమనండి.

ఎండార్స్‌మెంట్ రసీదు తేదీ తెలిశాక నాకు పంపండి, ఏజెన్సీకి రాయాల్సిన ఈమెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం.